మూడు లెన్సులు, పక్కన ఒక ఉబ్బు: వెనక ఫొటో చూసి ఫోన్ మోడల్ పట్టుకున్న అనుభవం

మా పిన్ని కొడుకు చేతిలోంచి ఫోన్ జారి పడి డిస్‌ప్లే పూర్తిగా పోయింది. ఛార్జింగ్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. కొత్త డిస్‌ప్లే తెప్పించుకుందామంటే మోడల్ పేరు తెలియదు. ఆ ఫోన్ ఎవరో వాడి ఇచ్చింది, డబ్బా లేదు, బిల్లు లేదు. వాడికి తెలిసిందల్లా అది శాంసంగ్ అని. ఫోన్ వెనక భాగం ఫొటో తీసి నాకు పంపి, "అన్నయ్యా, ఇది ఏ మోడలో చెప్పు, అచ్చం ఎస్23లా ఉంది కదా" అన్నాడు.

అలా ఉన్న మాట నిజమే. అసలు చిక్కు అక్కడే ఉంది. 2023లో ఎస్23తో పాటే శాంసంగ్ తన చవక ఫోన్లకూ అదే రూపం ఇచ్చేసింది. పై మూలలో మూడు లెన్సులు, ఒకదాని కింద ఒకటి, చుట్టూ పళ్లెం లాంటి గట్టు ఏమీ లేకుండా. ఎ14, ఎ24, ఎ34, ఎ54 అన్నీ అంతే. ఆ తర్వాత వచ్చిన ఎ15, ఎ25, ఎ35, ఎ55, ఎ16 కూడా అంతే. ఎస్24దీ అదే వరస. చిత్రంతో వెతికే సదుపాయంలో వాడి ఫొటో పెట్టి చూశాను. ఎస్23, ఎ54, ఎ34 కలగాపులగంగా వచ్చాయి. అది మొత్తం రూపం చూసి పోలికలు తెస్తుంది తప్ప, అంచున ఉన్న చిన్న తేడాను పట్టించుకోదు. మనకు కావలసింది మాత్రం ఆ చిన్న తేడానే.

కాబట్టి ముందు ఫొటోనే బాగుచేయించాలి. వాడు పంపింది రాత్రి ట్యూబ్‌లైటు కింద, పారదర్శకమైన పౌచ్‌తోనే తీసింది. పౌచ్ ఉంటే కెమెరా చుట్టూ పౌచ్ తాలూకు గట్టు కనిపించి, అది ఫోన్‌దేననిపిస్తుంది. బటన్ల మీద కూడా పౌచ్ బొడిపెలే కనిపిస్తాయి. అందుకని పౌచ్ తీసేసి, పగటిపూట కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా మళ్లీ తీయమన్నాను. దగ్గరికి వంగి తీయకుండా కాస్త వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేసి తీయమన్నాను. మరీ దగ్గరగా తీస్తే ఫోన్‌లో కెమెరా వైపున్న భాగం పెద్దదిగా, అవతలి భాగం చిన్నదిగా సాగిపోయి కొలతలు చెడతాయి. తీసిన వాటిని వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంటుగా పంపమన్నాను. మామూలుగా పంపితే కుదించేస్తుంది, సన్నని అక్షరాలు అలుక్కుపోతాయి. ఒక్క వెనక భాగమే కాదు, నాలుగు అంచులూ విడివిడిగా కావాలన్నాను.

"వెనక చూస్తే చాలదా?" అన్నాడు.

చాలదు. కెమెరా అమరిక ఫోన్ ఏ కుటుంబానిదో చెబుతుంది. ఆ కుటుంబంలో ఎవరో చెప్పేది చాలాసార్లు అంచులూ బటన్లే. శాంసంగ్ ఒక్కటే కాదు, మిగతా కంపెనీల ఫోన్లూ అంతే. వన్‌ప్లస్ ఫోన్లలో శబ్దం ఆపే చిన్న స్లైడర్ ఉంటే అది పైస్థాయి మోడల్ అనో, మొదటి నార్డ్ లాంటిదనో అర్థం. నార్డ్ సీఈ వరసలో అది ఉండదు. అదే స్లైడర్ ఎడమ పక్కన ఉంటే 2018లో వచ్చిన వన్‌ప్లస్ 6 కంటే పాతదైనా కావాలి, వన్‌ప్లస్ 12 లాంటి కొత్తదైనా కావాలి, ఎందుకంటే 6తో దాన్ని కుడి పక్కకు మార్చి, 12తో మళ్లీ ఎడమకు తెచ్చారు. పిక్సెల్‌లో పవర్ బటన్ వాల్యూమ్ బటన్ కంటే పైన ఉంటుంది. ఎక్కువ ఫోన్లలో వాల్యూమే పైన. శాంసంగ్‌లో ఎడమ అంచున వాల్యూమ్ కింద ఇంకో ఒంటరి బటన్ ఉంటే అది బిక్స్‌బీ బటన్, అంటే ఎస్8, ఎస్9, ఎస్10 కాలం నాటి ఫోన్.

ఐఫోన్లలో ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. వెనక రెండు కెమెరాలు నిలువుగా ఉండి అంచులు చదునుగా ఉంటే ఐఫోన్ 12. 13లో అవే రెండూ ఐమూలగా ఉంటాయి. 14లోనూ 15లోనూ ఐమూలగానే ఉంటాయి కాబట్టి అక్కడ కెమెరా సాయం ఆగిపోతుంది. అప్పుడు కింది అంచు చూడాలి. అక్కడ లైట్నింగ్ పోర్టు ఉంటే 13 లేదా 14, యూఎస్‌బీ-సీ ఉంటే 15. ఐఫోన్ 16లో కెమెరాలు మళ్లీ నిలువయ్యాయి. వెనక మాత్రమే చూస్తే 12 అనిపించొచ్చు గానీ, కుడి అంచు కింది భాగంలో కొత్తగా వచ్చిన కెమెరా కంట్రోల్ బటన్ దాన్ని పట్టిస్తుంది. 15 ప్రోనుంచి సైలెంట్ స్విచ్ పోయి యాక్షన్ బటన్ వచ్చింది, అదీ ఒక గుర్తు.

కొత్త ఫొటోలు వచ్చాయి. మొదట చూడాల్సింది బొమ్మ తిరగబడిందా లేదా అన్నది. చాలామంది అద్దం ముందు నిలబడి తమ ఫోన్ వెనక భాగాన్ని తామే తీసి పంపుతుంటారు. అప్పుడు ఎడమ కుడి మారిపోయి, పై ఎడమ మూలలో ఉండాల్సిన కెమెరాలు పై కుడి మూలలో కనిపిస్తాయి. లోగో అక్షరాలు తిరగబడ్డాయేమో చూస్తే తెలిసిపోతుంది. లోగో లేకపోతే బొమ్మను అడ్డంగా తిప్పి చూడాలి. వాడి ఫొటోలో అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. వేరే ఫోన్‌తో తీశాడు.

ఇంకో తికమక కూడా ఇక్కడే వస్తుంది. మనం "కుడి పక్క బటన్లు" అన్నప్పుడు స్క్రీన్ మన వైపు ఉన్నట్టు అనుకుంటాం. వెనక నుంచి చూసినప్పుడు అవి ఎడమ అంచున ఉంటాయి. అంటే వెనక ఫొటోలో శాంసంగ్ బటన్లు కెమెరాలున్న పక్కనే కనిపిస్తాయి. కంపెనీల సైట్లలో చాలా బొమ్మలు ముందు వైపువే ఉంటాయి కాబట్టి, పోల్చేటప్పుడు ఈ మార్పు మనసులో పెట్టుకోకపోతే బటన్ లేని వైపు చూసి "ఇది కాదు" అని కొట్టిపారేస్తాం.

ఇక అసలు వడపోత. మూడు లెన్సులు విడివిడిగా ఉన్నాయి, కింద పళ్లెం లేదు. దీనితో రెండు వైపులా హద్దు దొరికింది. 2021, 2022 నాటి ఎస్21, ఎస్22లో కెమెరా చుట్టూ లోహపు గట్టు పక్క ఫ్రేముతో కలిసిపోయి ఉంటుంది. 2022 నాటి ఎ53లో వెనక ప్యానెలే కెమెరాల దగ్గర మెల్లగా ఉబ్బుతుంది. 2025లో వచ్చిన ఎ26, ఎ36, ఎ56లో మూడు లెన్సులనూ కలుపుతూ నిలువుగా పొడుగాటి గుళిక ఆకారపు పలక ఉంటుంది. ఇవేవీ కాదు కాబట్టి ఇది చాలావరకు 2023, 2024 మధ్య ఫోన్ అయి ఉండాలి. ఆ పరిధిలోనే డజనుకు పైగా మోడళ్లున్నాయి.

తర్వాతి ఫొటో పక్క అంచుది. అది చూడగానే సగం పని అయిపోయింది. బటన్లున్న చోట ఫ్రేమే కొద్దిగా బయటికి ఉబ్బి ఉంది. వాల్యూమ్, పవర్ రెండూ ఆ ఉబ్బు మీదే కూర్చున్నాయి. మిగతా అంచు తిన్నగా ఉంటుంది, అక్కడ మాత్రం వేలికి తగిలేంత ఎత్తు. శాంసంగ్ దీన్ని కీ ఐలాండ్ అంటుంది. 2023 డిసెంబరులో ఎ15, ఎ25తో ఇది మొదలైంది, 2024 మార్చిలో ఎ35, ఎ55కు వచ్చింది, తర్వాత ఎ16లోనూ పెట్టారు. ఎస్23లో, ఎస్24లో, ఎ54లో, ఎ34లో, ఎ14లో ఇది లేదు. మళ్లీ మొదటి ఫొటో తెరిచి చూశాను. పౌచ్ కింద ఆ ఉబ్బు ఉన్న సంగతే కనబడలేదు.

"అయితే ఎస్23 కాదా?" వాడి గొంతులో నిరుత్సాహం తెలిసిపోయింది.

"కాదురా. ఎ15, ఎ16, ఎ25, ఎ35, ఎ55... వీటిలో ఏదో ఒకటి. పవర్ బటన్ మీద గోరు పెట్టి చూడు. పైకి పొడుచుకొచ్చి ఉందా, చదునుగా ఉందా?"

"చదునుగా, కొంచెం వెడల్పుగా ఉంది. లోపలికి నొక్కుకుపోయినట్టుంది."

అంటే వేలిముద్ర చదివేది పవర్ బటనే. ఎ35, ఎ55లో వేలిముద్ర సెన్సర్ స్క్రీన్ కింద ఉంటుంది, కాబట్టి వాటి పవర్ బటన్ మామూలు బటనే. ఎ15, ఎ16, ఎ25లో అది పవర్ బటన్‌లోనే ఉంటుంది. వేలు ఆనించేందుకు దాన్ని చదునుగా చేస్తారు. కావాలంటే ముందు వైపు కూడా ఒక సాక్ష్యం దొరుకుతుంది. డిస్‌ప్లే వెలగకపోయినా టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే సెల్ఫీ కెమెరా చుట్టూ ఉన్న ఆకారం తెలుస్తుంది. ఎ35, ఎ55లో అది గుండ్రటి రంధ్రం. మిగతా మూడింటిలో పై అంచుకు అతుక్కున్న చిన్న గంటు. వాడి ఫోన్‌లో అద్దం బాగా పగిలింది కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

కింది అంచు ఫొటోలో యూఎస్‌బీ-సీ పోర్టు పక్కన గుండ్రని హెడ్‌ఫోన్ జాక్ ఉంది. దాంతో ఎ16 పోయింది, అందులో జాక్ తీసేశారు. మిగిలినవి ఎ15, ఎ25.

ఇక్కడ ఇంకో అనుమానం తీర్చుకోవాలి. శాంసంగ్ ఒకే ఫోన్‌ను కొద్ది మార్పులతో ఎం, ఎఫ్ అన్న అక్షరాలతో కూడా అమ్ముతుంది. ఎ15కు దగ్గరి చుట్టాలు ఎం15, ఎఫ్15. వాటిలో బ్యాటరీ పెద్దది, 6000 ఎంఏహెచ్, అందువల్ల మందం 9.3 మిల్లీమీటర్లు. ఎ15 మందం 8.4, ఎ25 మందం 8.3. ఒక మిల్లీమీటరు తేడాను ఫొటోలో ఎలా కొలవాలి? ఫొటోలోనే స్కేలు ఉంది. యూఎస్‌బీ-సీ పోర్టు ప్రామాణిక కొలతలతో ఉంటుంది, రంధ్రం వెడల్పు దాదాపు 8.3 మిల్లీమీటర్లు. కింది అంచును తిన్నగా తీసిన ఫొటోలో పోర్టు వెడల్పునూ ఫోన్ మందాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎ15కు అవి దాదాపు సమానంగా ఉండాలి. ఎం15కు మందం స్పష్టంగా ఎక్కువగా కనిపించాలి. బొమ్మలు దిద్దే యాప్‌లో పోర్టు వెడల్పు మీద ఒక గీత గీసి, ఆ గీతను తిప్పి మందం మీద పెట్టాను. రెండూ సరిపోయాయి. ఫొటో వాలుగా తీసి ఉంటే ఈ లెక్క పనికిరాదు. పోర్టు అంచులు రెండు వైపులా సమంగా గుండ్రంగా కనిపిస్తేనే దీన్ని నమ్మాలి.

ఈ లోపు వాడికి ఒక సందేహం వచ్చింది. "వెనక ప్యానెల్ ఎవరైనా మార్చి ఉంటే?"

మంచి ప్రశ్న. వాడిన ఫోన్లలో వెనక ప్యానెల్ మార్చడం మామూలే. లోగో, రంగు, కింద సన్నగా అచ్చేసిన అక్షరాలు అన్నీ దాంతో పాటు మారిపోతాయి. అందుకే నేను వెనక భాగం కంటే ఫ్రేమును ఎక్కువ నమ్ముతాను. బటన్ల చోటు, సిమ్ ట్రే చోటు, జాక్, మైక్ రంధ్రాలు మార్చాలంటే ఫోన్ మొత్తం మార్చాలి. ప్యానెల్ చెప్పేదానికీ ఫ్రేము చెప్పేదానికీ పొంతన కుదరకపోతే ఫ్రేము మాటే ఖాయం. పూర్తిగా నకిలీ ఫోన్లను పట్టుకునేందుకు లెన్సుల మీద ఏటవాలు వెలుతురు వేసి చూడాలి. అసలు లెన్సులో లోపల అంచెలంచెలుగా గాజు, లోతు కనిపిస్తాయి. ఉత్తుత్తి లెన్సులో నల్లటి అట్ట మీద అద్దం పెట్టినట్టు చదునుగా ఉంటుంది. వాడి ఫోన్‌లో మూడింటికీ లోతు ఉంది.

ఇక ఎ15, ఎ25 తేల్చాలి. రంగులు కూడా ఇంచుమించు ఒకే వరస. ఎత్తు వెడల్పుల తేడా మిల్లీమీటరు లోపే, ఫొటోలో దాన్ని కొలిచానని చెప్పుకోవడం నన్ను నేను మభ్యపెట్టుకోవడమే. ఇంకో పీటముడి ఏమిటంటే ఎ15లోనే రెండున్నాయి, 4జీ ఒకటి, 5జీ ఒకటి. బయటికి రెండూ కవలలు. లోపల ప్రాసెసరే వేరు, 4జీలో హీలియో జీ99, 5జీలో డైమెన్సిటీ 6100 ప్లస్. అంటే మదర్‌బోర్డే వేరు. ఎంత మంచి ఫొటో అయినా ఈ మూడింటినీ విడదీయలేదు. చాలామంది ఇక్కడే రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని, ఫ్లాష్ కొంచెం పక్కకుంది, లోగో కొంచెం కిందకుంది అంటూ గంటలు గడుపుతారు. వెలుతురు, కోణం మారితే అవీ మారతాయి. రూపంతో తేలే పని అయిపోయాక నంబరు కోసం వెతకడమే దారి.

శాంసంగ్ మోడల్ నంబర్లు ఒక పద్ధతిలో ఉంటాయి. ఎ15 4జీకి SM-A155, ఎ15 5జీకి SM-A156, ఎ25కు SM-A256. చివర ఇంకో అక్షరం వస్తుంది, అది ఏ మార్కెట్టు కోసం చేశారో చెబుతుంది. ఫోన్ పనిచేస్తుంటే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిస్తే కనిపించేది. స్క్రీన్ పోయినా ఫోన్‌లో ప్రాణం ఉండుంటే కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, లాక్ తీయకపోయినా చాలాసార్లు మోడల్ పేరు జాబితాలో కనిపిస్తుంది. ఇది అదీ కాదు, ఛార్జింగే ఎక్కడం లేదు.

మొదట వెనక ప్యానెల్ కింది భాగాన్ని చూడమన్నాను. చాలా శాంసంగ్ ఫోన్లలో అక్కడ ప్యానెల్ రంగుకు దగ్గరి రంగులోనే చీమ తలకాయలంత అక్షరాలతో మోడల్ నంబరు ఉంటుంది. నేరుగా చూస్తే కనబడదు. గది చీకటి చేసి టార్చిని ప్యానెల్‌కు దాదాపు సమాంతరంగా పట్టుకుంటే తేలుతుంది. వాడు ప్రయత్నించి ఫొటో పంపాడు. SM-A వరకు చదవగలిగాను, తర్వాతి అంకె 1 అనిపించింది, మిగిలినవి గీతలు పడి అరిగిపోయాయి. 1 అయితే ఎ25 కాదు. కానీ అరిగిన అంకె మీద ఆధారపడి డబ్బు పెట్టలేం.

అప్పుడు అడిగాను, "ఈ ఫోన్‌తో తీసిన ఫొటోలు ఎక్కడైనా ఉన్నాయా? గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి?"

మామూలుగా ఫోన్‌తో తీసిన ఫొటోలో దాన్ని తీసిన పరికరం పేరు, తేదీ, లెన్సు వివరాలు దాగి ఉంటాయి, ఎగ్జిఫ్ అంటారు. వాడు నాకు పంపిన వెనక భాగం ఫొటోలో ఉన్న ఎగ్జిఫ్ వాళ్ల అమ్మ ఫోన్ పేరు చెబుతుంది, ఎందుకంటే తీసింది ఆ ఫోన్. ఫొటోలో ఉన్న ఫోన్‌కూ దానికీ సంబంధం లేదు. ఇది తెలియక ఎగ్జిఫ్ చూసి "ఇదే మోడల్" అని చెప్పేవాళ్లను చూశాను. అద్దంలో తీసుకున్న ఫొటో ఒక్కటే దీనికి మినహాయింపు, అక్కడ తీసినదీ కనబడేదీ ఒకటే. పాడైన ఫోన్‌తో లోగడ తీసిన ఫొటోలు దొరికితే మాత్రం అవి కచ్చితంగా చెబుతాయి. అయితే వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన కాపీల్లో ఈ వివరాలు ఉండవు, తుడిచేస్తుంది. బ్యాకప్‌లో ఉన్న అసలు ఫైలే కావాలి.

వాడు అమ్మ ఫోన్‌లో తన ఖాతా తెరిచి, ఫోన్ పగలడానికి ముందు తీసిన ఫొటో ఒకటి పట్టుకుని పైకి జరిపాడు. కింద వివరాల్లో ఫైలు పేరు, సైజు, వాటి పక్కన SM-A156E. ఎ15 5జీ. రెండో సాక్ష్యం కోసం అదే గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా కూడా చూడమన్నాను. అందులోనూ గెలాక్సీ ఎ15 5జీ అనే ఉంది. పాత ఫోన్ల పేర్లు కూడా ఆ జాబితాలో మిగిలిపోతుంటాయి కాబట్టి ఒక్క దాన్నే నమ్మకుండా, చివరిసారి వాడిన తేదీ ఫోన్ పగిలిన రోజుతో సరిపోయిందో లేదో కూడా చూశాం. సరిపోయింది.

"ఇదంతా ముందే చూసి ఉంటే ఫొటోలన్నీ తీయక్కర్లేదు కదా అన్నయ్యా?"

ఈ ఫోన్ విషయంలో ఆ మాట నిజమే. కానీ ఆ ఖాతాలో వాడి పాత ఫోన్ల ఫొటోలూ, ఇంట్లో వాళ్ల ఫోన్ల ఫొటోలూ కలిసే ఉన్నాయి, రెండు మూడు రకాల SM నంబర్లు కనిపించాయి. అందులో చేతిలో ఉన్న ఫోన్‌ది ఏదో తెలిసింది ఆ ఉబ్బు, చదును పవర్ బటన్, హెడ్‌ఫోన్ జాక్ చూసి ఉండటం వల్లే. పైగా ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఖాతా అందుబాటులో ఉండదు. దొరికిన ఫోన్ ఎవరిదో తెలుసుకోవాలనో, అమ్మకానికి పెట్టిన ఫోన్ వాళ్లు చెప్పిన మోడలేనా అనో అడుగుతుంటారు. అమ్మకం ఫొటోల్లో ఎస్23 అని రాసి, అంచున కీ ఐలాండ్ కనిపిస్తే ఇక మాట్లాడాల్సిన పని లేదు.

డిస్‌ప్లే ఆర్డర్ పెట్టేటప్పుడు "గెలాక్సీ ఎ15" అని కాకుండా SM-A156E అని పూర్తి నంబరు రాయమన్నాను. మదర్‌బోర్డు దెబ్బతిని ఉంటే అదే నంబరు మళ్లీ అవసరమవుతుంది కాబట్టి, ఫోన్ పెట్టిన సంచిలో ఆ నంబరు రాసిన చీటీ కూడా పెట్టి మరమ్మతుకు ఇచ్చాడు.